‘త్వం’ దగ్గర కూలిపోయిన నా సెమినార్ పత్రం

నిన్న సాయంత్రమే మత చరిత్ర సెమినార్‌లో నా పత్రం చదివాను. అంశం ఎంచుకోవడం, సారాంశం ఇవ్వడం, సంతకాలు పెట్టించుకోవడం రెండు రోజుల్లో అయిపోయాయి. నా వాదన కూడా సూటిగానే ఉంది: రాతకన్నా నోటి పరంపరే పవిత్ర గ్రంథాన్ని బాగా కాపాడుతుంది, ఋగ్వేదమే సాక్ష్యం.

వేదపదాలను ముందుకూ వెనక్కూ తిప్పి వల్లించే ఘనపాఠం గురించి చెబుతున్నంతసేపూ అందరూ శ్రద్ధగా విన్నారు. ‘అగ్నిం, ఈళే, పురోహితం’ అనే మూడు పదాలను 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 వరుసలో చెప్పి, ఆ తర్వాత ఒక్క పదం జరిగి మళ్ళీ మొదలుపెడతారు. ఇలా మధ్యలో ఉన్న ప్రతి పదం 13 సార్లు నోట పలుకుతుంది. నేనే కూర్చుని లెక్కపెట్టాను. వెనక్కి చదివేటప్పుడు వాక్యార్థం ఉండదు కాబట్టి, అర్థాన్ని పట్టుకుని తోచిన పదం వేసేయడానికి వీలుండదు. తాళపత్రం రాసేవాడు మాత్రం ఒకే పదంతో ముగిసే రెండు పంక్తుల మధ్య ఒక పంక్తి దాటేసినా ఎవరికీ వినబడదు.

అప్పుడు మేడమ్ బోర్డు మీద మొదటి సూక్తంలోని ఆరో మంత్రం రాశారు: ‘యదంగ దాశుషే త్వం’.

“గాయత్రి ఛందస్సులో పాదానికి ఎన్ని అక్షరాలమ్మా?”

“ఎనిమిది, మేడమ్.”

“ఏదీ, ఇందులో లెక్కపెట్టు.”

య, దం, గ, దా, శు, షే, త్వం. ఏడే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టినా ఏడే. అంతమంది ముందు వేళ్ళు మడుచుకుంటూ నిలబడ్డాను, మొహం మండిపోయింది.

మంత్రం కట్టినవాళ్ళు ‘తువం’ అని రెండు అక్షరాలుగా పలికి ఉంటారని ఆవిడ వివరించారు. సంహిత, అంటే ఇప్పుడు వల్లించే మంత్రపాఠం, స్థిరపడేనాటికి ఉచ్చారణ ‘త్వం’గా మారింది, ఆ రూపమే నిలిచిపోయింది. పదాలను విడదీసి చెప్పే పదపాఠంలోనూ ‘త్వం’ అనే ఉంది. అంటే ఘనపాఠం కాపాడింది స్థిరపడిన నాటి రూపాన్ని, ఆ వెనకటి రూపాన్ని కాదు.

రాత్రంతా నన్ను తొలిచింది ఇంకొకటి. రాతప్రతులు ఒకదానితో ఒకటి విభేదిస్తాయి, అందుకే పక్కపక్కన పెట్టి ఏది పాతదో తేల్చవచ్చు. ఇక్కడ అందరి నోటా ఒకే పాఠం, పోల్చడానికి రెండోది లేదు. ఈ మంత్రంలో మార్పు జరిగిందని పట్టించింది ఛందస్సే. పాఠం ఎంత కచ్చితంగా నిలిస్తే దాని ముందరి చరిత్ర అంతగా కనుమరుగవుతుందని నాకు అప్పుడే తట్టింది.

‘ఒక్క అక్షరమూ మారలేదు’ అని ఒకరిని చూసి ఒకరు రాసుకునే పరిచయ వ్యాసాల మీద నాకింకా కోపంగానే ఉంది. వాటిని నమ్మే నేను ఈ పత్రం రాశాను. మీరు ఈ అంశం తీసుకుంటే ముందు ఒక సూక్తం తీసుకుని పాదం పాదం లెక్కపెట్టండి, వ్యాసాలు తర్వాత చదవండి.

నా పత్రం శీర్షికలో ‘చెక్కుచెదరని’ అన్న మాట కొట్టేసి ‘స్థిరపడిన నాటి నుంచి’ అని మార్చాను. సవరించిన ప్రతి సోమవారం ఇవ్వాలి.