ఎంసీబీలన్నీ ఆపేసినా ఆర్‌సీసీబీ పడిపోతోంది!

నాలుగు సాయంత్రాలు తిన్న దొంగ ఇవాళ దొరికాడు.

మా కోనసీమ ఇంటికి కరెంటు పంచే కొత్త డీబీ బాక్స్ వేశానని పోయినసారి రాశాను కదా. లోడు మించితే లైను తెంచే ఎంసీబీలు సులువుగానే కుదిరాయి. గొడవంతా కరెంటు లీకైతే సరఫరా తెంచే 40 ఆంపియర్లు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీతోనే. పగలు నిలబడుతుంది. సాయంత్రం ఏడయ్యేసరికి టక్కున పడిపోతుంది. మిక్సీ వేస్తే ఏ వేళైనా అంతే.

ఏ లైన్లో లీకేజీయో చూద్దామని ఎంసీబీలన్నీ కిందికి దించాను. అయినా పడింది! "సరుకే చెత్త, తీసి పారేయ్ బావా" అన్నాడు మా బామ్మర్ది. నేనూ దాదాపు అదే అనుకున్నాను.

తర్వాత వెలిగింది. నావి సింగిల్ పోల్ ఎంసీబీలు, ఫేజునే తెంచుతాయి. న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. మెయిన్ ఆపి, న్యూట్రల్ పట్టీ మీంచి వైర్లు ఒక్కొక్కటీ విప్పి ఎర్త్‌కి మీటర్ పెట్టాను. మిగతావన్నీ మెగోముల్లో ఉన్నాయి, తోటలో మోటారుది మాత్రం 4 ఓములు. స్టార్టర్ బాక్స్ తెరిస్తే న్యూట్రల్ వైరు తొడుగు ఎలుక కొరికేసి, రాగి తుప్పు పట్టిన రేకుకి ఆనుకుని ఉంది.

మరి సాయంత్రమే ఎందుకు? నా అంచనా ఇది. ఆ వేళ వీధంతా లోడు పడుతుంది, లైన్ న్యూట్రల్‌కీ నేలకీ మధ్య కాస్త వోల్టేజీ లేస్తుంది. మోటారు న్యూట్రల్ విప్పి కొలిస్తే మధ్యాహ్నం 0.15 వోల్టులు, రాత్రి 1.2. ఆ 4 ఓములకి ఎర్త్ గుంతవి ఓ 8 కలిపితే 12. అంటే పగలు 12 మిల్లీ ఆంపియర్లు, రాత్రి 100. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ 30 తేడా వస్తే ఆర్‌సీసీబీ పడాల్సిందే. మిక్సీ వేస్తే దాని కరెంటులో కొంత ఈ దొంగదారినే పోతుంది.

ఇన్నాళ్లూ మోటారు ఎంసీబీ కిమ్మనలేదు. దానిది 16 ఆంపియర్లు. 100 మిల్లీ అంటే అందులో నూటయాభయ్యో వంతు కూడా కాదు. తడి చేత్తో ఫేజు పట్టుకున్న మనిషి గుండె ఆపడానికి అంత చాలు, ఎంసీబీకి అది లెక్కే కాదు.

"అయితే ఎంసీబీలు తీసేద్దాం, దీనిమీద 40 అని ఉందిగా" అన్నాడు బామ్మర్ది. ఆ 40 అది మోయగల బరువు, పడిపోయే హద్దు కాదు. ఫేజులో 60 వెళ్లి న్యూట్రల్లో 60 తిరిగొస్తే దాని లెక్క సరిపోయినట్టే, ఈలోగా వైరు మాడిపోతుంది. అక్కడ కాపాడేది ఎంసీబీయే. ఫేజునీ న్యూట్రల్‌నీ రెండు చేతుల్తో పట్టుకున్నవాణ్ణి మాత్రం రెండూ కాపాడలేవు.

వైరు మార్చాను, రెండు రాత్రులుగా పడలేదు.

కంపెనీల గొడవ నాకు అక్కర్లేదు గానీ, ఇన్వర్టర్ ఏసీ ఉంటే ఆర్‌సీసీబీ 'AC' టైపు కాకుండా 'A' టైపుది కొనండి. మోటారుకి వేరేగా, ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండు పనులూ చేసే ఆర్‌సీబీవో పెట్టాలని ఉంది, తోటలో ఎలుక కొరికితే వంటింట్లో చీకటి పడకుండా. ముందు ఎవరి దగ్గరైనా వైర్ల తొడుగు బాగుందో లేదో కొలిచే 500 వోల్టుల మెగ్గర్ అడిగి తేవాలి.