పద్నాలుగో తేదీ అన్నాను, అది పదిహేను: జులు టైమ్ నేర్పిన పాఠం

గత వారం తుది ఫలితాల జాబితాలో నా నంబరు కనిపించింది. రాత పరీక్ష గురించి మీకు తెలియనిది నేను చెప్పగలిగింది ఏమీ లేదు. మొదటి ప్రయత్నం ఇంటర్వ్యూలో పోవడానికి కారణమైన ఒక్క ప్రశ్న గురించి మాత్రం రాస్తాను.

బోర్డు సభ్యుడు ఒకరు 141930Z అని రాసిన చీటీ ఇచ్చి, వరంగల్‌లో అప్పుడు సమయమెంత అని అడిగారు. మొదటి రెండంకెలు తేదీ, తరువాతి నాలుగు గంటలూ నిమిషాలూ, చివరి అక్షరం గ్రీనిచ్‌ను ఆధారం చేసుకున్న సార్వత్రిక సమయమని నాకు తెలుసు. రేడియోలో Z అక్షరాన్ని జులు అని పలుకుతారు కనుక దానికి ఆ పేరు వచ్చింది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి 1930కి 0530 కలిపాను. 2460 వచ్చింది. అరవై నిమిషాలు ఒక గంట అవుతాయి కనుక అది 2500, అందులోంచి 2400 తీసేస్తే 0100. "పద్నాలుగో తేదీ, జీరో వన్ హండ్రెడ్ అవర్స్" అని ధీమాగా చెప్పాను. లెక్క సరిగ్గానే ఉంది, తేదీయే తప్పింది. 2400 తీసేసినప్పుడు ఒక రోజు దాటామన్న సంగతి నాకు తట్టలేదు.

నిజానికి ఇది నాకు కొత్త విషయం కాకూడదు. కాజీపేటలో అర్ధరాత్రి దాటాక 00:20కి వచ్చే బండికి పదిహేనో తేదీ టికెట్ తీసుకుని, పదిహేనో తేదీ రాత్రి భోంచేసి స్టేషనుకు వెళ్తే, ఆ బండి ముందటి రాత్రే వెళ్లిపోయి ఉంటుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు.

హన్మకొండ గదికి తిరిగి వచ్చాక గోడ మీద ఒకే వాక్యం రాసుకున్నాను: 1830Z అంటే మనకు సరిగ్గా అర్ధరాత్రి. 1830Z నుంచి 2359Z దాకా ఏది కనిపించినా మన తేదీ ఒకటి పెరుగుతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు మన 0530కి ముందున్న సమయాలన్నిటికీ జులు తేదీ ఒకటి తగ్గుతుంది. ఉదాహరణకు పదిహేనో తేదీ మన 0300 అంటే జులులో పద్నాలుగో తేదీ 2130. తీసివేతలో వంద అప్పు తెచ్చుకునే అలవాటు ఇక్కడ ముంచుతుంది, ఎందుకంటే గంట నుంచి తెచ్చుకునేది అరవై నిమిషాలే.

పలకడంలోనూ ఒక చిన్న జాగ్రత్త ఉంది. 0730ని "జీరో సెవెన్ థర్టీ అవర్స్" అనాలి, చివర ఏయెమ్ తగిలించకూడదు. జులు సమయమైతే "జీరో సెవెన్ థర్టీ జులు" అంటే చాలు.

ఈసారి ఇంటర్వ్యూలో బోర్డు సభ్యుడు ఇచ్చిన చీటీలో 302015Z APR అని ఉంది. 2015కి 0530 కలిపితే 2545, అంటే 0145. ఏప్రిల్‌కు ముప్పై రోజులే కనుక తేదీతో పాటు నెల కూడా మారుతుంది. "మే ఒకటి, జీరో వన్ ఫార్టీ ఫైవ్ అవర్స్, భారత సమయం" అన్నాను. Z లాగా మన సమయానికి అక్షరమేదని ఆయన వెంటనే అడిగారు. అక్షరాలు పూర్తి గంటల మండలాలకే ఉంటాయని, మనం జులు కంటే ఐదు గంటలు ముందుండే E, అంటే ఎకోకూ, ఆరు గంటలు ముందుండే F, అంటే ఫాక్స్‌ట్రాట్‌కూ సరిగ్గా నడుమ ఉన్నామని చెప్పాను. ఆయన చీటీ వెనక్కి తీసుకున్నారు.