చుక్కల్లో తేలిన డచ్ కరకట్టలు

నెదర్లాండ్స్ దేశమంతటినీ గాల్లోంచి లైడార్‌తో, అంటే లేజర్ కాంతితో, కొలిచి, ఎత్తు తెలిపే పాయింట్లుగా ఆ డేటాను ఏహెచ్‌ఎన్ పేరుతో ఉచితంగా పెట్టారు. అందులో గౌడా దగ్గరి పల్లపు భూముల ముక్క ఒకటి దించుకుని ఈమధ్య తెర మీద గీయించాను.

కోట్ల పాయింట్లు ఒకేసారి గీస్తే గ్రాఫిక్స్ కార్డు చేతులెత్తేస్తుంది. అందుకే స్థలాన్ని మెట్టుమెట్టుకూ ఎనిమిదేసి గదులుగా విడగొట్టే ఆక్ట్రీలో సర్దాలి. నేను పై మెట్టులో 8 మీటర్లకో పాయింట్ ఉంచాను, ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఆ ఎడం సగమవుతుంది. కెమెరాకు దగ్గరున్న చోటే లోతైన మెట్లు లోడవుతాయి. చుక్క సైజు పిక్సెళ్లలో ఇలా వస్తుంది:

```
px = s * H / (2 * d * tan(fov/2))
```

ఎడం s 1 మీటరు, దూరం d 500 మీటర్లు, తెర ఎత్తు H 1080, కెమెరా చూపు కోణం fov 60 డిగ్రీలైతే దాదాపు 2 పిక్సెళ్లు.

అసలు చిక్కు ఇక్కడుంది. కింది మెట్లు లోడయ్యాక కూడా పై మెట్టు పాయింట్లు అక్కడే ఉంటాయి. వాటిని 8 మీటర్ల సైజులోనే గీస్తే ఇళ్ల కప్పుల మీద పెద్ద బిళ్లలు అతికించినట్టు కనిపిస్తుంది. ఆ చోట ఎంత లోతు వరకు లోడైందో చూసి, అక్కడి చుక్కలన్నిటికీ ఆ మెట్టు సైజే ఇవ్వాలి.

ఇక ఎత్తును బట్టి రంగు. కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా రంగులు పరిస్తే, ఆకాశంలో ఎగిరిన ఒక్క పక్షి చాలు, నేలంతా ఒకే నీలం అయిపోతుంది. ఇక్కడ నేల సముద్రమట్టానికి 6 మీటర్లకు పైగా దిగువన కూడా ఉంటుంది. రంగుల హద్దును -7 నుంచి +3 మీటర్లకు బిగించగానే కాలువలు, కరకట్టలు గీతగీతగా విడివడి కనిపించాయి. ఎంత సంతోషమేసిందో!