జిల్లాలెన్ని అని అడగడం మానేశాక

తిరుపతిలో ఒక కోచింగ్ సెంటర్‌లో పాలిటీ చెబుతాను, టెస్టులకు ప్రశ్నలూ నేనే రాస్తాను. 2022 ఏప్రిల్ 4న మా ఊరు జిల్లా కేంద్రమైంది. ఊరంతా సంబరంగా ఉంటే నేను ప్రశ్నల ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. ‘ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలెన్ని?’ అన్నదానికి 13 అన్న జవాబు ఆ రోజుతో చెల్లకుండా పోయింది. శ్రీకాళహస్తి ఏ జిల్లాలో ఉందన్న ప్రశ్నదీ అదే గతి.

13 కొట్టేసి 26 అని రాస్తే సరిపోయేది. కానీ మళ్లీ మారితే మళ్లీ దిద్దాలి. అసలు పిల్లలకు ఏం తెలిసుండాలని ఆ ప్రశ్న అడిగాను? జిల్లాను విడదీసే అధికారం ఎవరిదో తెలియాలి. అందుకే ఇలా మార్చాను: ‘కొత్త జిల్లాను ఏర్పాటు చేసే అధికారం ఎవరిది?’ పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వం, గవర్నర్, ఎన్నికల సంఘం.

టెస్టు పెడితే ఎప్పుడూ ముందుండే పిల్లల్లో చాలామంది గవర్నర్‌కే గుర్తు పెట్టారు. బాగా చదివేవాళ్లంతా ఒకే తప్పు దగ్గర కలిశారంటే నేను ముందు ప్రశ్ననే అనుమానిస్తాను. శ్రీకాళహస్తి నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి, “మేడమ్, జీవోలన్నీ గవర్నర్ పేరు మీదే వస్తాయి కదా?” అంది. నిజమే, 166వ అధికరణం చెప్పేది అదే. తప్పు నాదని ఒప్పుకుని అందరికీ మార్కు కలిపాను.

మూడోసారి రాసింది ఇప్పటికీ వాడుతున్నాను: ‘రాష్ట్ర సరిహద్దు మార్చాలంటే పార్లమెంటు చట్టం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లాను రెండుగా విడదీయాలంటే ఏది కావాలి?’ పార్లమెంటు చట్టం, రాష్ట్రపతి ఉత్తర్వు, రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్, జిల్లా పరిషత్ తీర్మానం. మూడో అధికరణానికీ 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టానికీ తేడా తెలిసినవాడే నోటిఫికేషన్ అంటాడు. జిల్లాలు ఎన్నయినా ఆ జవాబు మారదు.

మంత్రుల సంఖ్యనూ అలాగే తిప్పాను. ‘40 మంది సభ్యులున్న శాసనసభ. ముఖ్యమంత్రితో కలిపి గరిష్ఠంగా ఎంతమంది మంత్రులుండొచ్చు?’ 15 శాతం అని బట్టీపట్టినవాడు 6 అంటాడు. చిన్న రాష్ట్రాలకు 12 దాకా వెసులుబాటు ఉందని 164వ అధికరణం చదివినవాడికే తెలుస్తుంది.

సూత్రాలు కూడా మారతాయి. ఈ 15 శాతం పరిమితి 2003లో 91వ సవరణతో వచ్చిందే. పార్టీలో మూడో వంతు మంది చీలితే అనర్హత ఉండదన్న వెసులుబాటును పదో షెడ్యూలు నుంచి తీసేసిందీ అదే సవరణ. అందుకని ప్రతి జవాబు పక్కన అధికరణం నంబరు, నేను సరిచూసిన సంవత్సరం రాసుకుంటాను. సవరణ వచ్చిన రోజు ఆ నంబరుతో వెతికి, దొరికిన ప్రశ్నలన్నీ టెస్టుల్లోంచి తీసి పక్కన పెడతాను. పోయిన నెల కూడా మూడో వంతు చీలిక జవాబుగా ఉన్న పాత ప్రశ్న ఒకటి నోట్సు జిరాక్సుల్లో దొరికింది.