రక్తం ఎందుకు పట్టలేదంటే

"ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉండడం మామూలే, ఆకుకూరలు తినమ్మా." మిర్యాలగూడలో ఒక డాక్టరు అన్న ఈ మాటను నేను ఇంకా క్షమించలేదు. హిమోగ్లోబిన్ 6.8 ఉంది. ఏళ్లుగా షుగరు ఉన్న మనిషినని చెప్పాను. అయినా కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష రాయలేదు. నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగినా రక్తం పెరగలేదు.

ఆ వేసవిలో ఒక రాత్రి పడుకుంటే ఊపిరి ఆడలేదు. గోడకు ఆనుకుని కూర్చుంటే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మా ఆయన నా చేయి వదల్లేదు. అత్తమ్మ యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుంది. తెల్లవారేలోగా నల్గొండ ఆసుపత్రికి చేర్చారు. ఒంటికి పట్టిన నీరు తీసి, నెమ్మదిగా రక్తం ఎక్కించారు. క్రియాటినిన్ 4.6 వచ్చింది, అంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి.

అక్కడి కిడ్నీ డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని వివరంగా చెప్పింది. రక్తం ఎముక మజ్జలో తయారవుతుంది, కానీ ఎంత తయారుచేయాలో చెప్పేది ప్రధానంగా కిడ్నీయే. కిడ్నీలోని సన్నటి గొట్టాల మధ్య ఉండే కొన్ని కణాలు తమకు అందే ఆక్సిజన్ తగ్గితే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును వదులుతాయి. అది మజ్జకు చేరి, ఎర్రకణాలుగా ఎదగాల్సిన లేత కణాలు మధ్యలోనే చనిపోకుండా కాపాడుతుంది. రక్తం పెరిగి ఆక్సిజన్ సరిపోతే హార్మోను తగ్గుతుంది. నా కిడ్నీలు దెబ్బతినేసరికి ఆ కణాలకు ఈ పని చేసే శక్తి పోయింది. రక్తం ఎంత పడిపోయినా మజ్జకు కబురు అందలేదు. తాపీమేస్త్రీ రాని ఇంటికి ఇటుకలు దించినట్లయింది నా ఐరన్ మాత్రల సంగతి.

ఆ హార్మోనునే ఇంజెక్షనుగా, చర్మం కింద, వారం వారం వేయడం మొదలుపెట్టారు. నెల దాటినా హిమోగ్లోబిన్ పెద్దగా కదల్లేదు. మళ్లీ భయం పట్టుకుంది. ఈసారి పరీక్షలో ఐరన్ శాచురేషన్, అంటే రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత మేర నిండిందో చెప్పే లెక్క, 14 శాతమే ఉంది. కనీసం 20 ఉండాలట. కబురు అందినా సరుకు చాలలేదన్నమాట. ఐరన్‌ను నరం ద్వారా ఎక్కించాక హిమోగ్లోబిన్ మెల్లగా 10.6కు చేరింది. మెట్లు ఎక్కగలుగుతున్నాను.

"పదమూడు దాకా తీసుకుపొండి మేడమ్" అని అడిగితే ఆమె ఒప్పుకోలేదు. కిడ్నీ జబ్బువారికి ఈ మందుతో అంతవరకు పెంచితే పక్షవాతం, రక్తపు గడ్డల ముప్పు పెరుగుతుందట. బీపీ కూడా పెరగవచ్చు. అందుకే ఇప్పుడు డోసు తగ్గించి, బీపీ చూశాకే ఇంజెక్షను వేస్తున్నారు.

షుగరో బీపీయో ఉండి రక్తం తగ్గుతుంటే, మాత్రలు రాయించుకుని వచ్చేయకండి. క్రియాటినిన్ పరీక్ష చేయమని అడగండి. ఇంజెక్షను వేసుకుంటున్నా రక్తం పెరగకపోతే ఐరన్ శాచురేషన్, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ చూడమనండి.