పది మార్కులు ఎక్కడ పెడితే జీపీఏ ఎక్కువ కదులుతుంది: షీట్ మూడో ప్రయత్నం

దొరికింది! నాలుగు రోజులుగా సతాయించిన ఆ 0.75 తేడా రాత్రి దొరికింది.

ఒక్కో సబ్జెక్టులో పది మార్కులు పెరిగితే ఎస్‌జీపీఏ ఎంత పెరుగుతుందో చూపించే షీట్ ఇది. ముందు పోయిన సెమ్ మార్కులు పోసి చూశాను. మొత్తం 20 క్రెడిట్లు. షీట్ 7.58 అంటోంది, మెమోలో మాత్రం 6.83 ఉంది.

మొదట రౌండింగ్ అనుకున్నా, కానీ రౌండింగ్‌తో ఇంత తేడా రాదు. తర్వాత ల్యాబ్ క్రెడిట్ల మీద అనుమానం వచ్చింది. 1.5 బదులు 1 వేశానేమోనని చూస్తే సరిగ్గానే ఉన్నాయి. చివరికి తేడానే 20తో గుణించాను. 15 వచ్చింది. 15 అంటే మూడు క్రెడిట్ల సబ్జెక్టులో ఐదు పాయింట్లు. నాకు 5 పాయింట్లు పడింది మ్యాథ్స్‌లో ఒక్కదాంట్లోనే.

అందులో ఇంటర్నల్ 26, ఎక్స్‌టర్నల్ 22, మొత్తం 48. నలభై దాటింది కదా అని షీట్ పాస్ చేసేసింది. సప్లీ ఉందని నాకు తెలుసు, ఫీజు కూడా కట్టాను, అయినా షీట్‌లో తట్టలేదు. టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతూ రూమ్మేట్ అడిగాడు: "ఎక్స్‌టర్నల్లో ఎంతొచ్చిండాదిరా?" అంతే, వెలిగింది. మా రెగ్యులేషన్‌లో ఎక్స్‌టర్నల్ 70కి 35 శాతం, అంటే 25 రావాలి. రాకపోతే మొత్తం ఎంతున్నా పాయింట్లు సున్నా.

B ఇంటర్నల్, C ఎక్స్‌టర్నల్. థియరీ సబ్జెక్టులకు ఇలా మార్చాను:

```
=IF(OR(C2<25,B2+C2<40),0,MIN(10,INT((B2+C2)/10)+1))
```

ఇప్పుడు 6.83 సరిగ్గా వస్తోంది.

అసలు పోలిక ఇక్కడే తిరగబడింది. మిగతా థియరీల్లో పది మార్కులు పెరిగితే ఒక గ్రేడ్ పెరుగుతుంది, అంటే 3/20, 0.15. ల్యాబ్‌లో 0.075, తొంభై దాటిన ల్యాబ్‌లో ఏమీ లేదు. మ్యాథ్స్‌కు కూడా పాత షీట్ 0.15 అనే చెప్పింది. నిజానికి 22 కాస్తా 32 అయితే మొత్తం 58, పాయింట్లు సున్నా నుంచి 6. అంటే 18/20, 0.90. ఆరు రెట్లు! ఆ 0.90 అంతా మొదటి మూడు మార్కులతోనే వచ్చేస్తుంది, ఎక్స్‌టర్నల్ 25 అయితే మొత్తం 51 కదా. ఈ సంగతి ముందే తెలిసుంటే ల్యాబ్ రికార్డులకు అన్ని రాత్రులు పెట్టేవాణ్ని కాదు.

ఫోన్లో ఉన్న జీపీఏ యాప్‌లు మూడు చూశాను, ఒక్కటీ ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ విడిగా అడగదు. ఈ పనికి అవి పనికిరావు, షీటే మేలు.

ఇక సప్లీకి ట్రాన్స్‌ఫార్మ్స్ యూనిట్ ముందు పట్టుకుంటా. ఈ సెమ్‌కు మిడ్ మార్కులు పోసి, ఎక్స్‌టర్నల్ అంచనా 30 కన్నా తక్కువున్న గడులకు ఎరుపు రంగు పెట్టాలి. తర్వాత గంటల కాలమ్ ఒకటి కలపాలి, మ్యాథ్స్‌లో పది మార్కులకు పట్టే టైమ్ వేరు, ల్యాబ్‌లో పట్టే టైమ్ వేరు కదా. ఆదివారం నుంచి టైమ్ రాసుకోవడం మొదలు.