మా క్యూబులు ఫెయిలయ్యాయి, శ్లాబు మాత్రం నిలబడింది

ఈమధ్యే కోర్ టెస్ట్ రిపోర్టు, అంటే శ్లాబులోంచి కోసి తీసిన కాంక్రీటు ముక్కల బలం ఎంతో చెప్పే రిపోర్టు, చేతికొచ్చింది. నెలన్నరగా సరిగ్గా నిద్రలేదు, కోపం కూడా ఇంకా తగ్గలేదు.

గుంటూరులో అపార్ట్‌మెంటు, మొదటి అంతస్తు శ్లాబు. ఎం25 గ్రేడు, అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం రావాల్సిన కాంక్రీటు. బూడిద కలిసిన పీపీసీ సిమెంటు, ప్లాంటు నుంచి 28 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. మే ఎండలు. ఇంత పోతకు 28 రోజుల కోసం మూడు శాంపిళ్లు తీయాలి, ఒక్కో శాంపిలుకి మూడు క్యూబులు, అంటే అదే కాంక్రీటు మోల్డులో పోసి తర్వాత ల్యాబులో నొక్కి పగలగొట్టి బలం చూసే దిమ్మలు. ఏడు రోజులకు చూసుకోడానికి ఇంకో మూడు పోశాం. ఇందులో కష్టమేమీ లేదు.

ఏడో రోజు సగటు 15.6 న్యూటన్లు (చదరపు మిల్లీమీటరుకు) వచ్చింది. నేను బుర్ర వాడలేదు. ఏడు రోజులకు 28 రోజుల బలంలో అరవై అయిదు శాతం దాకా వస్తుంది, 25లో అది 16.25, మనది దగ్గర్లోనే ఉంది, పైగా పీపీసీ నెమ్మదిగా బలపడుతుంది, ఇక టెన్షన్ ఎందుకు అనుకున్నాను. అసలు చూడాల్సింది 25ని కాదు. ఎం25కి మిక్స్ డిజైన్ చేసేటప్పుడు 31.6 లక్ష్యంగా పెట్టుకుంటారు, దాని ప్రకారం ఏడు రోజులకు ఇరవై దాటాలి. 15.6 వచ్చిందంటే 28 రోజులకు 24 దగ్గర ఆగిపోతుందని ఆ రోజే తెలియాలి. తెలియలేదు.

28వ రోజు మూడు శాంపిళ్ల సగటులు 24.2, 23.1, 20.6. కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 సవరణ ప్రకారం ఏ శాంపిలూ 22 కంటే తగ్గకూడదు, వరసగా నాలుగు శాంపిళ్ల సగటు కనీసం 28 ఉండాలి. మాకు మూడే శాంపిళ్లు, వాటి సగటే 22.6. ఏ లెక్కన చూసినా ఫెయిలే.

మర్నాడు ఓనరు తరఫు కన్సల్టెంటు ఆఫీసుకి పిలిచారు. కూర్చోమనలేదు. ఆరుగురి ముందు రిపోర్టు గట్టిగా చదివి, "ఏం బాబూ, ఇసుకతో కట్టావా శ్లాబు? కొట్టేయిద్దామా?" అన్నారు. మా కాంట్రాక్టరు గారు నా వైపు చూడలేదు, ఫోన్ చూసుకున్నారు. ఆ పది నిమిషాలు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఒక్క మాట అంటాను, క్యూబు ఫెయిలైతే శ్లాబు కొట్టేయాలని కోడ్‌లో ఎక్కడా లేదు. ఆయనకది తెలియదా, తెలిసే అన్నారా?

బయటికి రాగానే కింద మళ్లీ జాకీలు పెట్టించి, శ్లాబు మీద ఇటుకలు దించడం ఆపించాను. తర్వాత ల్యాబుకి పోయి పగిలిన క్యూబులు చూపించమన్నాను. అదృష్టం, ఇంకా పారేయలేదు. బాగా పగిలిన క్యూబు నాలుగు పక్కలా రాలి, మధ్యలో రెండు పిరమిడ్లు మొన కలిపినట్టు మిగులుతుంది. మూడో శాంపిలులో ఒకటి అలా లేదు, ఒక మూల మాత్రమే చిట్లి ఊడిపోయింది. తాపీతో చదును చేసిన గరుకు ముఖాన్ని పక్కకు తిప్పకుండా పైకే పెట్టి నొక్కినట్టుంది, లోడు ఒక మూలకే పడింది. ల్యాబు కుర్రాడు నీళ్లు నమిలాడు.

కానీ తప్పంతా వాళ్లదే అని రాస్తే అబద్ధమవుతుంది. రిజిస్టరులో బరువులు చూశాను. మొదటి శాంపిలు క్యూబులు 8.1 కిలోల దగ్గర ఉన్నాయి, మూడోవి 7.6. నూటయాభై మిల్లీమీటర్ల క్యూబు అరకిలో తగ్గిందంటే లోపల గాలి ఉన్నట్టే, అయిదు శాతం గాలి మిగిలినా బలం మూడో వంతు దాకా పోతుంది. మూడు పొరలు పోసి పొరకి 35 పోట్లు పొడవాలి, మా కుర్రాడు భోజనం వేళకి మోల్డు నింపి పైన సర్దేశాడు. అడిగితే ఒప్పుకున్నాడు. ఇంకో సంగతీ బయటపడింది, పోత జారడం లేదని మేస్త్రి ట్రక్కులో నీళ్లు పోయించాడు. అందుకే బాగా పొడిచిన మొదటి శాంపిలు కూడా 24 దగ్గరే ఆగింది.

ఇక కోర్లు. రాడ్లు తగలకుండా లొకేటరుతో వెతికి మూడు చోట్ల తీశాం. అనుమానం ఉన్న చోట, అంటే మూడో శాంపిలు తీసిన ట్రక్కు కాంక్రీటు పడిన చోటే తీయించాను, మంచి చోటు చూసి తీస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. కోర్ స్థూపం కాబట్టి పొడవు-వ్యాసాల సవరణ చేశాక 1.25తో హెచ్చిస్తే క్యూబు బలం వస్తుంది. మూడూ 26.0, 24.8, 22.4. సగటు 24.4. కోర్ల సగటు గ్రేడులో 85 శాతం, అంటే 21.25 దాటితే చాలు, ఏ ఒక్కటీ 75 శాతానికి, అంటే 18.75కి తగ్గకూడదు. పాసైంది. లేకపోతే లోడ్ టెస్టు దాకా పోవాల్సి వచ్చేది.

కన్సల్టెంటు గారు సంతకం పెట్టారు. సారీ అనలేదు, నేను అడగలేదు. మేస్త్రికి మాత్రం ట్రక్కు దగ్గర నీళ్ల పైపు కనిపిస్తే పోత ఆపేస్తానని చెప్పాను. నిన్న రెండో శ్లాబు క్యూబులు మోల్డు నుంచి తీయగానే సైట్లోనే తూచాను, అన్నీ 8.1 మీదే ఉన్నాయి.